ఫేస్‌బుక్‌లో దుకాణం పేజీ: దాచి ఉంచాలా, తీసివేయాలా? ఫాలోవర్లకు ఏమి కనిపిస్తుంది?

ఫేస్‌బుక్ పేజీని కొన్నాళ్లు ఎవరికీ కనబడకుండా దాచి ఉంచడం ఒక పని, దాన్ని శాశ్వతంగా తీసివేయడం ఇంకొక పని. సెట్టింగ్స్‌లో మాత్రం ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. పైగా బయటివాళ్లకు రెండింటి ఫలితమూ ఒకేలా కనిపిస్తుంది. అందువల్ల చాలామంది అడ్మిన్లు "ఏదైతే ఏముంది, కనబడకపోతే చాలు" అనుకుని చేతికి అందినది నొక్కేస్తారు. తేడా తెలిసేసరికి తీసివేతను రద్దు చేసుకునే గడువు దాటిపోతుంది.

ఒక దుకాణాన్ని ఉదాహరణగా పెట్టుకుని ఈ వ్యవహారమంతా చూద్దాం. అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గరలో ధర్మవరం పట్టుచీరలు అమ్మే చిన్న దుకాణం. పెద్ద దుకాణాలు ఆషాఢంలో తగ్గింపు అమ్మకాలు పెడతాయి గాని, పెళ్లి చీరల మీదే ఆధారపడిన ఇలాంటి దుకాణానికి ఆ నెలలో పెద్దగా గిరాకీ ఉండదు. యజమాని ఆ సమయంలో దుకాణం మూసి అరలు, దీపాలు మార్పించదలచుకున్నారు. మూసి ఉన్న దుకాణానికి సందేశాలు వస్తుంటే జవాబు చెప్పలేమని పేజీని కూడా ఆపాలనుకున్నారు. పేజీ చూసే మేనల్లుడు "తీసేద్దాం మామా, శ్రావణంలో మళ్లీ పెట్టుకుందాం" అన్నాడు. "మళ్లీ పెడితే ఈ ఫాలోవర్లందరూ ఉంటారా?" అని యజమాని అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. కొత్తగా పెట్టే పేజీకి పాత ఫాలోవర్లు రారు. దాచి ఉంచిన పేజీని తిరిగి తెరిస్తే మాత్రం ఉంటారు.

అన్‌పబ్లిష్ అనే మాట ఇప్పుడు ఎక్కడ ఉంది?

పాత పేజీల్లో Page Visibility అనే చోట Page unpublished అని ఎంచుకుంటే పేజీ మరుగున పడేది. ఫేస్‌బుక్ 2021లో పేజీల రూపాన్ని మార్చడం మొదలుపెట్టింది. కొత్త రూపంలో పేజీకి కూడా వ్యక్తిగత ఖాతాలాగే సొంత ఫీడు, సొంత సెట్టింగ్స్ వచ్చాయి. లైకుల స్థానంలో ఫాలోవర్ల లెక్క ముందుకు వచ్చింది. అన్‌పబ్లిష్ చేసే పనికి Deactivate అనే పేరు వచ్చింది. అలవాటు కొద్దీ అందరూ ఇంకా అన్‌పబ్లిష్ అనే అంటారు, పాత వీడియోల్లోనూ అదే వినిపిస్తుంది. కాబట్టి ఆ మాట కోసం సెట్టింగ్స్ అంతా వెతికి దొరక్క, చివరికి కనిపించిన Delete నొక్కేవారు ఉంటారు. దాచడానికి నొక్కవలసినది Deactivate అని గుర్తుంచుకోండి.

అడ్మిన్ అనే మాట సంగతీ ఇంతే. ఇప్పుడు పేజీ మీద పూర్తి అధికారం ఉన్నవారిని Full control ఉన్నవారు అంటారు. పోస్టులు పెట్టడానికో, సందేశాలకు జవాబివ్వడానికో మాత్రమే అనుమతి ఉన్నవారు పేజీని దాచలేరు, తీసివేయలేరు.

ఫాలోవర్ల వైపు నుంచి చూస్తే

ముందుగా ఒక విషయం. పేజీని దాచినా, తీసివేసినా ఫేస్‌బుక్ ఫాలోవర్లకు ఏ నోటిఫికేషనూ పంపదు. "మీరు ఫాలో అవుతున్న ఫలానా పేజీ మూతపడింది" అని ఎవరికీ తెలియదు. పేజీ వారి ఫీడులో కనబడడం మానేస్తుంది, అంతే. రోజూ పదుల కొద్దీ పోస్టులు చూసేవారు ఒక దుకాణం పోస్టు రాలేదని గమనించడానికి వారాలు పట్టవచ్చు, అసలు గమనించకపోనూ వచ్చు.

గమనించేది ఎప్పుడంటే, పేజీ కోసం వెతికినప్పుడు. కళ్యాణదుర్గంలో ఒకావిడ రెండు నెలల కిందట ఆ దుకాణం పేజీలో చూసిన ముదురాకుపచ్చ చీరను తన గోడ మీద షేర్ చేసుకుని, పైన "అక్కా, ఇది చూడు" అని రాశారనుకుందాం. ఇప్పుడు ఆ పోస్టు తెరిస్తే ఆవిడ రాసిన మాట అలాగే ఉంటుంది. దాని కింద చీర ఫొటో ఉండవలసిన చోట మాత్రం బూడిదరంగు పెట్టెలో This content isn't available right now అని ఉంటుంది. ఆ కింద చిన్న అక్షరాల్లో, దీన్ని పెట్టినవారు కొద్దిమందికే కనబడేలా మార్చి ఉండవచ్చు, లేదా తీసివేసి ఉండవచ్చు అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది. పేజీ లింకును నేరుగా తెరిచినవారికి కూడా ఇదే ధోరణిలో సందేశం వస్తుంది.

ఆ సందేశం దాచిన పేజీకీ, తీసివేసిన పేజీకీ ఒకటే. పేజీ వారిని బ్లాక్ చేసినా దాదాపు అలాంటిదే కనిపిస్తుంది. కాబట్టి దుకాణం తాత్కాలికంగా మూశారా, శాశ్వతంగా ఎత్తేశారా, తననే పక్కన పెట్టారా అన్నది ఫాలోవరుకు తెలిసే దారి లేదు. చీరకు బయానా ఇచ్చి ఉన్న మనిషి ఇది చూస్తే మొదట ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు. తెలియజేయవలసిన బాధ్యత మీదే.

సమీక్షలు, నక్షత్రాల రేటింగు, ఫొటోలు, వీడియోలు, వ్యాఖ్యలు అన్నీ పేజీతో పాటే మరుగున పడతాయి. వేరొకరి పోస్టులో మీ పేజీ పేరు ట్యాగ్ చేసి ఉంటే అక్షరాలు ఉండవచ్చు గాని, నొక్కితే దుకాణం తెరుచుకోదు. గూగుల్‌లో వెతికితే మాత్రం పాత ఫలితం కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటుంది. దాని మీద నొక్కినవారికీ మళ్లీ ఆ బూడిదరంగు సందేశమే.

మెసెంజర్ సంగతి వేరు. కొనుగోలుదారుతో మీరు జరిపిన సంభాషణ అవతలివారి ఇన్‌బాక్సులోనూ ఉంటుంది. పేజీని తీసివేసినంత మాత్రాన అది అక్కడి నుంచి చెరిగిపోదు. మీరు పంపిన ధర, చీర ఫొటో, "బుధవారానికి సిద్ధం చేస్తాం" అన్న మాట, అన్నీ వారి ఫోనులో ఉంటాయి. వారు దానికి కొత్తగా జవాబు పంపలేరు, అంతే. పాత మాటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయన్న ధీమాతో పేజీ తీసివేయాలనుకునే వ్యాపారులు ఉంటే ఆ ఆశ వదులుకోవడం మంచిది.

ఇక ఫాలోవర్ల సంఖ్య. దాచిన పేజీని తిరిగి తెరిస్తే ఫాలోవర్లు అలాగే తిరిగి వస్తారు, ఎవరూ మళ్లీ ఫాలో నొక్కవలసిన పని లేదు. మధ్యకాలంలో తమ ఖాతాలనే మూసేసుకున్నవారు తగ్గి ఉంటారు గనక లెక్కలో కొద్ది తేడా కనబడితే కంగారు పడకండి. తీసివేసిన పేజీ గడువు దాటిందంటే ఆ సంఖ్య సున్నా నుంచి మొదలుపెట్టవలసిందే.

ఏదీ నొక్కకముందు చేయవలసినవి

మొదట మీ అధికారం ఏ మేరకు ఉందో చూసుకోండి. మీ వ్యక్తిగత ఖాతా నుంచి పేజీలోకి మారండి. ఫోనులో అయితే మెనూ తెరిచి మీ పేరు పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కి పేజీని ఎంచుకోవాలి. కంప్యూటర్లో కుడివైపు పైన ఉన్న మీ ఫొటో నొక్కితే పేజీలు కనిపిస్తాయి. తర్వాత Settings & privacy, అందులో Settings, అక్కడ Page setup, అందులో Page access. ఈ తెర మీద ఎవరెవరికి ఏ అధికారం ఉందో వరుసగా ఉంటుంది. మీ పేరు దగ్గర Full control అని లేకపోతే అది ఉన్న మనిషిని పట్టుకోవాలి. చాలా దుకాణాల్లో ఆ మనిషి ఎప్పుడో పేజీ చేసిపెట్టి బెంగళూరుకో హైదరాబాదుకో ఉద్యోగానికి వెళ్లిన బంధువే అయి ఉంటాడు. దుకాణం మూసే రోజున కాకుండా ఇప్పుడే ఫోను చేయండి.

మన ఉదాహరణలో Full control మేనల్లుడి పేరు మీదే ఉంది, యజమానికి లేదు. ఇది మార్చుకోవలసిన ఏర్పాటు. పూర్తి అధికారం ఒక్కరికే ఉండి, ఆ ఒక్కరూ తన వ్యక్తిగత ఖాతాను శాశ్వతంగా తీసివేస్తే, ఆ ఖాతాతో పాటు పేజీ కూడా పోతుంది. కోపంలో ఖాతా తీసివేసే కుర్రవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అందుకే Page access లోనే Add new నొక్కి యజమాని ఖాతాను చేర్చాలి. పూర్తి అధికారం ఇవ్వడానికి ఒక మీట అక్కడే ఉంటుంది. అవతలివారు ఆహ్వానాన్ని అంగీకరించేదాకా అది అమల్లోకి రాదు. పంపి ఊరుకోకుండా అంగీకరించారో లేదో చూసుకోండి.

రెండోది, నడుస్తున్న ప్రకటనలు. పేజీ కనబడకపోతే దాని పేరు మీద ప్రకటనలు నడవవు. అయినా వాటిని ముందుగా Ads Manager లో మీరే ఆపడం మేలు. అప్పటిదాకా ఖర్చయి, ఇంకా వసూలు కాని మొత్తం ఉంటే పేజీ లేకపోయినా అది చెల్లించవలసిందే. కార్డు నుంచి డబ్బు కోత పడినప్పుడు "పేజీ తీసేశాను కదా" అని వాదించి ప్రయోజనం లేదు. ముందే సమయం పెట్టి ఉంచిన పోస్టులు ఉంటే వాటినీ తీసేయండి. మూసిన దుకాణం నుంచి "నేడే రండి" అన్న పోస్టు బయటికి రావడం చూడముచ్చటగా ఉండదు.

మూడోది, పేజీలోని సరుకును మీ దగ్గరికి తెచ్చుకోవడం. తీసివేసే ఆలోచన ఉన్నవారికి ఇది తప్పనిసరి, దాచేవారికి మంచి అలవాటు. Settings పైభాగంలోని వెతికే పెట్టెలో download అని కొడితే పేజీ సమాచారాన్ని దించుకునే చోటు వస్తుంది. ఎంత కాలానిది కావాలో, ఫొటోలు ఏ నాణ్యతలో కావాలో అడుగుతుంది. ఏ రూపంలో కావాలన్నప్పుడు HTML ఎంచుకుంటే సాధారణ బ్రౌజరులో తెరిచి చదువుకోవచ్చు. JSON వేరే ప్రోగ్రాములకు ఎక్కించేవారి కోసం. కోరిన వెంటనే రాదు. మూట సిద్ధం కాగానే నోటిఫికేషన్ వస్తుంది, అప్పుడు దించుకోవాలి. సంవత్సరాల తరబడి వీడియోలు పెట్టిన పేజీ అయితే దీనికి తగినంత సమయం ఇవ్వండి.

ఈ మూటలో ఫాలోవర్ల ఫోను నంబర్లో చిరునామాలో ఉంటాయని ఆశించకండి. ఫాలోవర్లు ఫేస్‌బుక్ దగ్గర ఉన్నవారే గాని మీ చేతిలోని ఖాతాదారుల జాబితా కాదు. వారిని నిలుపుకోవాలంటే మూసేముందు వారే మీ దగ్గరికి వచ్చేలా ఒక పోస్టు పెట్టడం ఒక్కటే దారి. మంచి సమీక్షలు ఉంటే వాటిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కొత్త పేజీకి వాటిని మార్చుకునే వీలు ఉండదు.

ముందుగా పెట్టవలసిన ఆ ఒక్క పోస్టు

ఫేస్‌బుక్ చెప్పదు గనక మీరే చెప్పాలి. దుకాణం పేజీలో ఆ పోస్టు ఇలా ఉంటే సరిపోతుంది: "మరమ్మతుల కోసం ఆషాఢమాసమంతా దుకాణం మూసి ఉంటుంది. ఈ పేజీ కూడా అప్పటివరకు కనబడదు. శ్రావణంలో తిరిగి తెరుస్తాం. బయానా ఇచ్చినవారు, చీరలు తీసుకోవలసినవారు ఈ నంబరుకు వాట్సాప్ చేయండి." ఈ పోస్టు మూలనున్న మూడు చుక్కలు నొక్కి పేజీ పైభాగాన పిన్ చేయాలి. పేజీ మూసే రోజునే పెడితే దాన్ని చూసేవారు కొద్దిమందే. రెండు వారాల ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకొకసారి పెట్టడం నయం. ఎందుకంటే పేజీ మాయమైన మరుక్షణం ఈ పోస్టు కూడా మాయమవుతుంది.

బయానా ఇచ్చినవారిని పోస్టుకు వదిలిపెట్టకూడదు. ఇన్‌బాక్సు తెరిచి ఒక్కొక్కరికీ విడిగా రాయాలి. అవతలివారు మీకు చివరిసారి రాసి చాలా రోజులైతే పేజీ నుంచి సందేశం వెళ్లకపోవచ్చు, పేజీలు ఎప్పుడు పడితే అప్పుడు సందేశం పంపకుండా ఫేస్‌బుక్ గడువులు పెట్టింది. అలాంటివారికి ఫోను చేయడమే.

దాచి ఉంచే పద్ధతి

పేజీలోకి మారాక Settings & privacy, Settings తెరవండి. అక్కడ మీకు కావలసిన చోటు పేరు అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి Access and control అని, కొందరికి Facebook Page information కింద Deactivation and deletion అని కనిపిస్తుంది. వెతికే పెట్టెలో deactivate అని కొడితే ఏ పేరుతో ఉన్నా దొరుకుతుంది. మీ యాప్ తెలుగులో ఉంటే ఈ కాస్త పనికి భాషను ఇంగ్లీషుకు మార్చుకోండి. పేర్లు సరిపోల్చుకోవడం తేలిక.

ఆ తెర మీద రెండు గుండ్రని గుర్తులు ఉంటాయి. ఒకదాని పక్కన Deactivate Page, ఇంకొకదాని పక్కన Delete Page. మీకు కావలసినది మొదటిది. అది ఎంచుకుని Continue నొక్కితే పాస్‌వర్డు అడుగుతుంది. అది పేజీ పాస్‌వర్డు కాదు, పేజీలకు విడిగా పాస్‌వర్డు ఉండదు, మీ సొంత ఖాతాది. తర్వాతి తెరల్లో వచ్చే ప్రతి వాక్యాన్నీ చదవండి. ఎక్కడైనా Delete అన్న మాటో 30 రోజుల ప్రస్తావనో కనబడితే మీరు తప్పు దారిలో ఉన్నట్టే, వెనక్కి రండి. దాచడానికి గడువు ఉండదు.

పని అయిందో లేదో మీ ఫోనులో చూసి తేల్చుకోకండి. మీరు అడ్మిన్ గనక మీకు పేజీ ఏదో రూపంలో కనిపిస్తూనే ఉండవచ్చు. లాగౌట్ చేసి చూసినా తేలకపోవచ్చు, ఫేస్‌బుక్ ముందు లాగిన్ అవమనవచ్చు. పేజీని ఫాలో అవుతున్న, కానీ దాని మీద ఏ అధికారమూ లేని మనిషి ఫోను తీసుకోండి. అందులో పేజీ లింకు తెరవండి. బూడిదరంగు సందేశం వస్తే పని పూర్తయినట్టు. అప్పటికే ఆ ఫోనులో తెరిచి ఉన్న పేజీ పాత రూపంలో కనిపించవచ్చు గనక యాప్ మూసి మళ్లీ తెరిచి చూడాలి.

తిరిగి తెరవాలంటే అదే పూర్తి అధికారం ఉన్న ఖాతాతో పేజీని ఎంచుకుంటే Reactivate అన్న అవకాశం వస్తుంది. తెరిచాక పిన్ చేసిన పాత పోస్టును తీసేయడం మరచిపోకండి. లేకపోతే దుకాణం తెరిచి ఉన్నా పైన "మూసి ఉంటుంది" అనే కనిపిస్తుంది.

తీసివేసే పద్ధతి, ఆ ముప్పై రోజులు

దారి అదే. అదే తెర, అదే Continue, ఎంచుకునేది మాత్రం Delete Page. మధ్యలో సమాచారం దించుకుంటారా అని, దీనికి బదులు దాచి ఉంచుతారా అని ఫేస్‌బుక్ అడుగుతుంది. తర్వాత పాస్‌వర్డు. ఆ క్షణం నుంచే పేజీ జనానికి కనబడదు, అయితే ఇంకా చెరిగిపోలేదు. 30 రోజుల లోపు పేజీలోకి వెళ్లి తీసివేతను రద్దు చేసుకోవచ్చు. అప్పుడు పోస్టులూ ఫాలోవర్లూ యథాతథంగా తిరిగి వస్తారు. గడువు దాటితే శాశ్వతం. ఆ తర్వాత ఎంత బతిమాలినా పేజీ తిరిగి రాదు. పాత రూపంలోని పేజీలకు ఈ గడువు 14 రోజులే ఉండేది, పాత వ్యాసాల్లో ఆ అంకె కనిపిస్తే తికమక పడకండి.

మేనల్లుడి ఆలోచనను ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. ఆషాఢ శుద్ధ పాడ్యమి నాడు దుకాణం మూసి పేజీని తీసివేశాడనుకోండి. చాంద్రమాసం 29 లేదా 30 రోజులు. అంటే ఫేస్‌బుక్ ఇచ్చే గడువు శ్రావణం మొదలయ్యే పూటకే ముగిసిపోతుంది. దుకాణాన్ని వరలక్ష్మీ వ్రతానికి, అంటే శ్రావణ పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారానికి ముస్తాబు చేస్తున్నారు. వడ్రంగి పని నాలుగు రోజులు ఆలస్యమైనా, యజమాని "శ్రావణం మొదటి శుక్రవారం తెరుద్దాం" అన్నా, ఆ లోపే పేజీ పోతుంది. అది కూడా ఏ చప్పుడూ లేకుండా. అదే దాచి ఉంచితే పని కార్తీకం దాకా సాగినా పేజీకి వచ్చే ముప్పు లేదు. ఇంత లెక్క చెప్పాక ఆ మేనల్లుడు ఒప్పుకున్నాడు గాని, "మరి రెండూ ఒకేలా కనిపిస్తే రెండు బొత్తాలు ఎందుకు పెట్టారు?" అని గొణిగాడు. న్యాయమైన ప్రశ్నే.

పేజీకి మీరు పెట్టుకున్న యూజర్‌నేమ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. సంచుల మీద, బోర్డు మీద, రసీదు పుస్తకాల మీద ఆ లింకు అచ్చువేయించి ఉంటే, కొత్త పేజీకి అదే పేరు దొరుకుతుందన్న నమ్మకంతో పాతదాన్ని తీసివేయకండి.

పేజీకి జతచేసిన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పేజీతో పాటు పోదు. తెగిపోయేది రెండింటి మధ్య లంకె మాత్రమే. వాట్సాప్ నంబరు కూడా అలాగే నడుస్తుంది. అయితే ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను ఈ పేజీ ద్వారా ఇస్తున్నవారు ఆ ఏర్పాటును ముందే మార్చుకోవాలి.

రెండూ వద్దనుకోవలసిన సందర్భాలు

వ్యాపారం నిజంగానే ఎత్తివేస్తున్నవారికి నా సలహా, వెంటనే తీసివేయకండి. పేజీ వివరాల్లో పనివేళలు మార్చే చోట Permanently closed అనే అవకాశం ఉంది. దాన్ని పెడితే పేజీకి వచ్చినవారికి దుకాణం మూతపడిందని స్పష్టంగా కనిపిస్తుంది. బూడిదరంగు సందేశం చెప్పలేని మాటను ఇది చెబుతుంది. బయానాలు, బాకీలు తేలేదాకా సందేశాలకు దారి తెరిచే ఉంటుంది. ఆరు నెలలు అలా ఉంచి తర్వాత తీసివేసినా నష్టం లేదు. మన చీరల దుకాణం లాంటి తాత్కాలిక మూసివేతకు కూడా అక్కడే Temporarily closed ఉంది. నిజానికి సందేశాలకు జవాబిచ్చే ఓపిక ఒక్కటి ఉంటే ఆ దుకాణానికి పేజీని దాచవలసిన అవసరమే లేదు. యజమాని ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

రెండో సందర్భం, ఒకే దుకాణానికి రెండు పేజీలు. పాత ఖాతా పాస్‌వర్డు మరచిపోయి కొత్త పేజీ చేసినవారు, తండ్రి ఒకటి కొడుకు ఒకటి నడిపేవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఇలాంటప్పుడు ఒకదాన్ని తీసివేస్తే దాని ఫాలోవర్లు పోతారు. దానికి బదులు రెండింటినీ కలిపేయవచ్చు. కంప్యూటర్లో ఈ చిరునామా తెరిస్తే కలిపే చోటు వస్తుంది:

```
facebook.com/pages/merge
```

రెండు పేజీల మీదా మీకు పూర్తి అధికారం ఉండాలి, పేర్లు దగ్గరగా ఉండాలి, రెండూ ఒకే వ్యాపారానివై ఉండాలి, చిరునామా ఉన్న పేజీలైతే అదీ ఒకటే కావాలి. అనంతపురం దుకాణాన్ని, కర్నూలులోని శాఖను కలపమంటే ఒప్పుకోదు. కలిశాక నిలబెట్టుకున్న పేజీలోకి రెండో పేజీ ఫాలోవర్లు వచ్చి చేరతారు. రెండో పేజీలోని పోస్టులు, ఫొటోలు, సమీక్షలు, యూజర్‌నేమ్ మాత్రం పోతాయి. ఇది వెనక్కి తిప్పలేని పని, 30 రోజుల వెసులుబాటు దీనికి లేదు. కాబట్టి ఏ పేజీని ఉంచాలన్నది ఫాలోవర్ల సంఖ్యను బట్టి కాక, ఏ పేజీలోని సమీక్షలు పోతే బాధ కలుగుతుందో చూసి నిర్ణయించుకోండి.

తీసివేశాక కూడా పేజీ కనిపిస్తూ ఉంటే

నెల దాటింది, పేజీ పోయింది. అయినా ఎవరో ఫోను చేసి "మీ దుకాణం ఫేస్‌బుక్‌లో ఇంకా ఉందే" అంటారు. తెరిచి చూస్తే మీ దుకాణం పేరు, చిరునామా ఉంటాయి, మీరు పెట్టిన ఫొటోలు ఉండవు. అది మీ పేజీ కాదు. జనం ఆ చోటికి వచ్చినట్టు చెక్‌ఇన్ పెట్టినప్పుడు ఫేస్‌బుక్ తనంతట తాను తయారుచేసే పేజీ. దాని మీద Unofficial Page అన్న గుర్తు ఉంటుంది. దానికి అడ్మిన్ ఎవరూ ఉండరు గనక పైన చెప్పిన దారిలో తీసివేయలేరు. పేజీ మూడు చుక్కల్లో సవరణ సూచించే చోట ఆ స్థలం మూతపడిందని తెలియజేయవచ్చు. లేదా పేజీ మీదే అని నిరూపించి సొంతం చేసుకునే అవకాశం చూపిస్తే, దాన్ని తీసుకుని అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు.

అలా గాక మీ ఫొటోలతోనే కనిపిస్తుంటే రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, గడువు లోపల పూర్తి అధికారం ఉన్న ఇంకెవరో పేజీలోకి వెళ్లి తెలియక తీసివేతను రద్దు చేసి ఉంటారు. Page access లో ఉన్న ప్రతి ఒక్కరికీ ముందే చెప్పి ఉంచాలనేది ఇందుకే. రెండోది, మీ ఫొటోలు తీసుకుని ఎవరో నకిలీ పేజీ పెట్టి ఉంటారు. అసలు పేజీ మాయమైందని తెలిసిన మోసగాళ్లకు అది మంచి అదను, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి అసలుది ఉండదు. అలాంటి పేజీ కనిపిస్తే మూడు చుక్కల్లోని Report నొక్కి, వేరే వ్యాపారంలా నటిస్తున్నారన్న కారణం ఎంచుకోండి. మీ వాట్సాప్ ఖాతాదారులకు ఆ సంగతి అదే రోజు తెలియజేయండి. ఫేస్‌బుక్ స్పందించేలోపు వారిలో ఎవరైనా ఆ పేజీకి బయానా పంపే ప్రమాదం ఉంది.